కారు పడిపోలేదు, అక్కడ ఉంది

నాలుగు సెకన్ల వీడియో ముక్క అది. అమెరికన్ సైన్ లాంగ్వేజ్‌లో ఒకామె "ఆగి ఉన్న కారు పక్కనుంచి ఒకతను నడిచి వెళ్లాడు" అని చెబుతోంది. దాన్ని ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి విడగొట్టి రాయడం నా పని. వీడియో కింద అడ్డంగా వరుసలుంటాయి: ఒక్కో చేతి ఆకారానికీ ఒక్కో వరుస, స్థానానికి ఒకటి, కదలికకి ఒకటి, చివర అర్థానికి ఒకటి. ఆమె ముందు రెండు చేతులతో స్టీరింగ్ తిప్పినట్టు 'కారు' అని సైన్ చేసింది. తర్వాత ఎడమచేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు చాపి, బొటనవేలు పైకుండేలా చేతిని తన ముందు గాలిలో పెట్టింది. పెట్టేటప్పుడు చెయ్యి కొద్దిగా కిందికి దిగి టక్కున ఆగింది. నేను కదలిక వరుసలో "కిందికి" అని రాశాను. అర్థం వరుసలో "కారు కింద పడింది" అని రాసి తర్వాతి ముక్కకి వెళ్లిపోయాను.

మర్నాడు మా టీచర్ అది చూశారు. ఆవిడకి పుట్టుకతోనే వినపడదు, సైన్ ఆవిడ మొదటి భాష. నా వాక్యం చదివి, నావైపు తిరిగి, "ఎక్కణ్ణుంచి పడింది?" అని అడిగారు. చేతులతో అడిగే ప్రశ్నలో వెటకారం కలిస్తే గొంతుతో అడిగినదానికన్నా బాగా తగులుతుందని ఆరోజే తెలిసింది.

ఆ తప్పు అజాగ్రత్త వల్ల జరిగింది కాదు. సైన్ భాషల గురించి మొదటి పాఠంలోనే అందరికీ చెప్పే మాట ఒకటుంది: మనం మాట్లాడే భాషలో ధ్వనులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, సైన్‌లో మాత్రం చేతి ఆకారం, స్థానం, కదలిక అన్నీ ఒకేసారి జరుగుతాయి. వినడానికి బాగుంటుంది. దాన్ని నమ్ముకుని పనిలోకి దిగితే రెండు చోట్ల కొంప ముంచుతుంది. మామూలు సైన్‌లో కూడా అన్నీ ఒకే తీరుగా "ఒకేసారి" జరగవు. ఆ వీడియోలో కారుకి పెట్టిన మూడు వేళ్లలాంటి క్లాసిఫయర్ నిర్మాణాల్లో అయితే ఆ మూడు భాగాలూ పైకి అవే అయినా, మూడూ మూడు రకాలుగా పనిచేస్తాయి. నా గొడవంతా ఈ రెండో దాని గురించే. కానీ మొదటిది తేలకుండా అక్కడికి వెళ్లలేం.

1960లో విలియం స్టోకీ చేసింది ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆయన వాషింగ్టన్‌లోని గాలొడెట్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పడానికి చేరిన మనిషి. తన విద్యార్థులు చేసే సైన్లు గాలిలో గీసిన బొమ్మలు కావనీ, ఒక్కో సైన్‌నీ కొద్ది సంఖ్యలో ఉన్న భాగాలుగా విడగొట్టొచ్చనీ చూపించాడు. చేతి ఆకారం, స్థానం, కదలిక ఆ భాగాలు. అరచేయి ఎటు తిరిగి ఉందన్నది తర్వాత వాళ్లు చేర్చారు. 1965లో మరో ఇద్దరితో కలిసి వేసిన నిఘంటువులో సైన్లని ఇంగ్లిష్ అక్షరక్రమంలో కాకుండా ఈ భాగాల క్రమంలోనే పేర్చాడు. తెలుగులో 'పాట', 'బాట' రెండు వేర్వేరు మాటలు కావడానికి పరుషం సరళం కావడం ఒక్కటే చాలినట్టు, సైన్‌లో కూడా ఒక్క భాగం మారితే మాట మారిపోతుంది.

దీనికి అందరూ చూపించే ఉదాహరణనే నేనూ తీసుకుంటాను, ఎందుకంటే అందులో అందరూ చూడకుండా వదిలేసే సంగతి ఒకటి ఉంది. చూపుడు వేలు చాపి నుదుటి ముందు అడ్డంగా లాగితే 'వేసవి'. అదే పని ముక్కు దగ్గర చేస్తే 'అందవిహీనం'. గడ్డం దగ్గర చేస్తే 'పొడిగా ఉంది'. చేతి ఆకారం ఒకటే, కదలిక ఒకటే, స్థానం ఒక్కటే తేడా. పాఠం ఇక్కడితో అయిపోతుంది. కానీ మీ చూపుడు వేలితో ఒకసారి చేసి చూడండి. నుదుటి ముందు చెయ్యి పక్కకి జరుగుతుండగానే వేలు మెల్లగా వంగి కొక్కెం అవుతుంది. మొదట్లో నిటారు వేలు, చివర్లో కొక్కెం వేలు. "చేతి ఆకారం ఒకటే" అన్నాం కదా, మరి ఆ ఒకటి ఏది?

దీనికి జవాబు చెప్పాలంటే చేతి ఆకారం అనే భాగాన్ని మళ్లీ రెండుగా చీల్చాలి. ఏ వేళ్లు పనిలో ఉన్నాయన్నది ఒకటి, ఆ వేళ్లు చాచి ఉన్నాయా వంగి ఉన్నాయా అన్నది ఇంకొకటి. 'వేసవి'లో పనిలో ఉన్నది మొదటి నుంచి చివరి దాకా చూపుడు వేలే. మారింది దాని వంపు మాత్రమే. ఒక మామూలు సైన్‌లో ఒకసారి వేళ్లని ఎంచుకున్నాక ఆ ఎంపిక మారదు. చూపుడు వేలితో మొదలై చిటికెన వేలితో ముగిసే సైన్ కోసం వెతికితే, వేలితో అక్షరాలు చూపించే పద్ధతి నుంచి అరువొచ్చినవీ, రెండు సైన్లు కలిసి పుట్టిన సమాసాలూ తగులుతాయి. స్థానం కూడా ఇంతే: తల అంటే తలే, ఛాతీ అంటే ఛాతీయే, ఒక సైన్‌కి ఒక పెద్ద ప్రాంతం. ఆ ప్రాంతం లోపల అటూ ఇటూ జరగొచ్చు.

అంటే ఒక సైన్ లోపల రెండు రకాల సరుకు ఉంది. సైన్ పొడుగునా మారకుండా ఉండేది ఒకటి: ఎంచుకున్న వేళ్లు, ఎంచుకున్న ప్రాంతం. కాలంలో సాగుతూ మారేది ఇంకొకటి: చెయ్యి జరగడం, వేలు వంగడం, మణికట్టు తిరగడం. 1998లో డయాన్ బ్రెంటారీ వేసిన నమూనా ఈ చీలికనే పునాదిగా పెట్టుకుంది. అందులో కదలిక స్టోకీ అనుకున్నట్టు మూడు భాగాల్లో ఒకటి కాదు, మిగతా రెండూ కాలంలో ఎలా నడుస్తాయో చెప్పే పొర. మన భాషలో అచ్చు లేకుండా అక్షరం పలకనట్టు, కదలిక లేకుండా సైన్ నిలబడదు.

ఈ చీలిక ఊరికే రాలేదు, దానివెనక ఒక తగాదా ఉంది. 1980ల్లో స్కాట్ లిడెల్, తర్వాత రాబర్ట్ జాన్సన్‌తో కలిసి, సైన్‌లో వరుసక్రమం లేదన్న మాట తప్పని గట్టిగా వాదించారు. వాళ్లు చూపిన వాటిలో 'బధిర' అనే సైన్ నాకు బాగా నచ్చుతుంది. చూపుడు వేలు చెవి దగ్గర ఒకసారి, గడ్డం దగ్గర ఒకసారి తాకుతుంది. కొన్నిసార్లు చెవి నుంచి గడ్డానికి, కొన్నిసార్లు గడ్డం నుంచి చెవికి. వ్యాకరణంలో వర్ణవ్యత్యయం అంటాం చూడండి, అదే. ముందూ వెనకా అనేవే లేకపోతే తిరగబడటానికి ఏముంటుంది? కాబట్టి సైన్ లోపల వరుస ఉంది. ఇంతవరకూ వాళ్లది పైచేయి.

కానీ వాళ్లు దాన్ని రాసిన పద్ధతిలో ఒక ఇబ్బంది వచ్చింది. సైన్‌ని నిలుపులూ కదలికలుగా తుంచి, ప్రతి తునకకీ చేతి ఆకారం, స్థానం, దిశ అన్నీ మళ్లీ మళ్లీ రాశారు. 'బధిర'లో చెవి దగ్గర చూపుడు వేలు అని ఒకసారి, గడ్డం దగ్గర చూపుడు వేలు అని ఇంకోసారి. అలా రాస్తే రెండు చోట్లా అదే వేలు ఉండటం ఏదో కాకతాళీయం అన్నట్టు కనిపిస్తుంది. స్థానాలు తారుమారైనప్పుడు వేలు చెక్కుచెదరలేదు కదా, అసలు విషయం అది. 1989లో వెండీ శాండ్లర్ చేతి ఆకారాన్ని ఆ తునకల్లోంచి బయటికి లాగి, పైన వేరే పొరగా పెట్టి, మొత్తం సైన్‌కి ఒకేసారి తగిలించింది. తెలుగువాళ్లకి ఇది కొత్త ఆలోచనేం కాదు. 'మనిషి'కి 'లు' చేర్చితే 'మనుషులు' అవుతుంది. 'ని' 'ను' అయింది, 'షి' 'షు' అయింది. హల్లులు ఎక్కడివక్కడే ఉన్నాయి, 'ఉ' మాత్రం వాటి మీదుగా పాకింది. అచ్చుల రంగు ఒక పొరలో, హల్లులు ఇంకో పొరలో ఉన్నాయనుకుంటేనే ఇది సులువుగా అర్థమవుతుంది. సైన్‌లో వేళ్ల ఎంపిక ఆ 'ఉ' లాంటిది.

ఇన్ని పొరలు ఎందుకు పుట్టాయన్నదానికి చాలావరకు ఒప్పుకోదగ్గ కారణం ఉంది. నాలుక కన్నా చెయ్యి బరువు. ఉర్సులా బెలుజీ, సూసన్ ఫిషర్ 1972లో రెండు భాషలూ బాగా వచ్చినవాళ్లతో ఒకే కథ రెండు రకాలుగా చెప్పించి కొలిచారు. ఒక సైన్ చేసే వ్యవధిలో సుమారు రెండు ఇంగ్లిష్ మాటలు పలకొచ్చని తేలింది. అయినా విషయం చెప్పే వేగం మాత్రం దాదాపు ఒకటే. ఒక్కో సైన్ నెమ్మది కాబట్టి దాని లోపల ఎక్కువ సరుకు పేర్చాల్సి వస్తుంది. చెవికన్నా కన్ను ఒకే క్షణంలో ఎక్కువ విషయాలు పట్టుకోగలదు కాబట్టి ఆ పేర్పు కుదురుతుంది కూడా.

ఇక్కడిదాకా పెద్దగా పేచీ లేదు. నా కారు దగ్గరికి వద్దాం.

ఆ వీడియోలో ఎడమచేతి మూడు వేళ్లు వాహనం. ఆమె ఎడమచేతిని అలాగే గాలిలో ఉంచి, కుడిచేత్తో 'మనిషి' అని సైన్ చేసింది. తర్వాత కుడిచేతి చూపుడు వేలిని నిటారుగా నిలబెట్టి, ఎడమచేతి పక్కనుంచి ముందుకు తీసుకెళ్లింది. ఆ నిటారు వేలు నడిచి వెళ్లే మనిషి. ఇలా వస్తువు ఏ తరగతిదో చేతి ఆకారం చెబుతూ, అది ఎక్కడుందో ఎలా కదిలిందో చెయ్యే చూపించే నిర్మాణాల్ని క్లాసిఫయర్ నిర్మాణాలు అంటారు. పేరు అంత సరైంది కాదని గొణిగేవాళ్లున్నారు. నాకైతే ఇబ్బంది లేదు. 'నలుగురు' అనగానే మనుషులని, 'నాలుగు' అనగానే మనుషులు కారని తెలుస్తుంది కదా. ఆ 'గురు' చేసే పనిలాంటిదే ఆ మూడు వేళ్లు చేస్తున్నాయి.

మొట్టమొదట గమనించాల్సింది, మామూలు సైన్‌లో కుదరనిది ఇక్కడ దర్జాగా జరిగిపోవడం. 1978లో రాబిన్ బాటిసన్ రెండు చేతుల సైన్లకి రెండు నియమాలు చెప్పాడు. రెండు చేతులూ కదిలితే రెండింటి ఆకారమూ, కదలికా ఒకటిగా ఉండాలి. ఆకారాలు వేరైతే ఒక చెయ్యి కదలకుండా ఉండాలి, పైగా ఆ కదలని చేతికి దక్కేవి ఏడే ఏడు సులువైన ఆకారాలు: పిడికిలి రెండు రకాలు, చాచిన అరచేయి, ఐదు వేళ్లు విప్పిన చెయ్యి, చూపుడు వేలు, కప్పులా వంచిన చెయ్యి, సున్నాలా ముడిచిన చెయ్యి. మా వీడియోలో ఆమె ఎడమచెయ్యి చూడండి. కదలకుండా ఉన్న చెయ్యి అదే, దాని ఆకారం ఆ ఏడింటిలో లేదు.

పోల్చడానికి 'పార్క్ చేయడం' అనే మామూలు సైన్ చక్కగా పనికొస్తుంది. అందులోనూ ఆ మూడు వేళ్ల వాహనమే ఉంటుంది, కానీ అది కదిలే చేతిమీద ఉంటుంది. కదిలే చెయ్యి వచ్చి కిందున్న చాచిన అరచేతి మీద వాలుతుంది. కదలని చేతిది అరచేయి ఆకారం, ఏడింటిలో ఒకటి. నియమం పాటించింది. అదే మూడు వేళ్లు, అదే వాహనం. ఒకటి నిఘంటువులో ఉన్న మాట, రెండోది అప్పటికప్పుడు కట్టిన నిర్మాణం. నియమం మొదటిదాన్ని పట్టుకుంటుంది, రెండోదాన్ని వదిలేస్తుంది. ఎందుకంటే రెండోదాంట్లో ఎడమచెయ్యి కుడిచేతికి తోడుగా వచ్చింది కాదు, తన అర్థం తనకున్న వేరే ముక్క. ఈ తేడా తెలియకపోతే నియమం తప్పనైనా అనాలి, లేకపోతే వీడియోలో ఉన్నామె తప్పు చేసిందనైనా అనాలి. నేను మొదట రెండోదే అనుకున్నాను. సిగ్గుపడాల్సిన విషయమే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ నిర్మాణాన్ని ఎలా విడగొట్టాలి?

1982లో టెడ్ సుపల్లా తన పరిశోధనలో ఇచ్చిన జవాబు చాలా ధైర్యమైంది. అప్పటిదాకా వీటిని ఏదో మూకాభినయంలా చూసేవాళ్లు. ఆయన, ఇందులో అభినయం లేదు, వ్యాకరణమే ఉందన్నాడు. చేతి ఆకారం ఒక పదాంశం, అంటే అర్థమున్న అతి చిన్న ముక్క, కదలిక తీరు ఒక పదాంశం, తిన్నగా వెళ్లడం ఒకటి, వంపు తిరగడం ఒకటి, స్థానాలూ పదాంశాలే. మామూలు సైన్‌లో అర్థం లేని వర్ణాలుగా ఉన్న ఆ భాగాలే ఇక్కడ ఒక్కొక్కటీ అర్థమున్న పదాంశాలయ్యాయి, అన్నీ కలిసి ఒకే క్షణంలో పేర్చుకున్నాయి. 'ముక్కు దగ్గర' అనే స్థానానికి 'అందవిహీనం'లో సొంత అర్థం ఏమీ లేదు. 'కారు పక్కన' అనే స్థానానికి ఇక్కడ అర్థం ఉంది.

నేను ఆ పద్ధతిలోనే మొదలుపెట్టాను. పదాంశాలంటే జాబితా ఉండాలి కదా అని, స్థానం వరుసలో కనిపించిన ప్రతి స్థానానికీ ఒక పేరు పెట్టుకుంటూ వెళ్లాను. మామూలు సైన్లు రాసినప్పుడు ఆ జాబితా కొన్ని పేజీలకే నిండి ఆగిపోయింది: నుదురు, కణత, ముక్కు, గడ్డం, భుజం, అలా. కొత్త సైన్లు వస్తూనే ఉన్నాయి, కొత్త స్థానాలు రావడం మానేశాయి. వర్ణాల జాబితా ఎప్పుడూ అలాగే ఆగుతుంది. క్లాసిఫయర్ వీడియోల్లో మాత్రం అది ఆగలేదు. ఎడమచేతికి దగ్గరగా, బాగా దగ్గరగా, జానెడు దూరంలో, కొంచెం వెనకగా, కొంచెం పైగా... ప్రతి ముక్కకీ ఒక కొత్త పేరు. ఒక జాబితా పూర్తికాకుండా పెరుగుతూనే ఉంటే, మన ఓపిక చాల్లేదని కాదు, అది జాబితాలో పెట్టే సరుకు కాదని అర్థం.

అనుమానం తీర్చుకోడానికి టీచర్ నాకొక చిన్న పరీక్ష చూపించారు. దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఒక భాగాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ పోవాలి, అర్థం ఏమవుతుందో చూడాలి. ముందు 'అందవిహీనం' చేస్తూ చేతిని ముక్కు నుంచి ఒక వేలి మందం కిందికి దించారు. ఇంకా 'అందవిహీనం'. ఇంకొంచెం దించారు, బద్ధకంగా చేసినట్టుంది, అయినా 'అందవిహీనం'. ఇంకా దించితే ఒకచోట అది 'పొడి' అయిపోయింది. మధ్యలో 'కాస్త పొడిగా ఉన్న అందవిహీనం' అనేది లేదు. తర్వాత కారు ముందు నిటారు వేలు పెట్టి, దూరాన్ని అదే మందంలో పెంచుకుంటూ వెళ్లారు. ప్రతి జరుపుకీ మనిషి కారుకి ఇంకొంచెం దూరమయ్యాడు. ఎక్కడా గెంతు లేదు. కరెన్ ఎమ్మోరీ, మెలిస్సా హెర్జిగ్ 2003లో ప్రయోగం చేసి చూపింది కూడా ఈ మాటే: ఇలాంటి నిర్మాణాల్లో స్థానాన్ని చూసేవాళ్లు విడివిడి గళ్లుగా కాదు, కొలతగా చదువుతారు.

చేతి ఆకారం మీద అదే పరీక్ష చేస్తే ఫలితం తిరగబడుతుంది. బస్సు పెద్దదని మూడు వేళ్లనీ ఇంకా వెడల్పుగా చాపరు. సైకిల్ సన్నదని రెండు వేళ్లకి తగ్గించరు. కారైనా బస్సైనా సైకిలైనా అమెరికన్ సైన్‌లో అదే మూడు వేళ్లు. బ్రిటిష్ సైన్‌లో వాహనానికి చాచిన అరచేయి పెడతారు. రెండూ వాహనాన్ని చూస్తే తట్టేవే, కానీ ఏది పెట్టాలన్నది ఆ భాష నేర్చుకుంటేనే తెలిసేది. ఆడమ్ షెంబ్రీ, ఇద్దరు సహచరులు 2005లో ఆస్ట్రేలియా సైన్, తైవాన్ సైన్ వాడేవాళ్లనీ, ఏ సైన్ భాషా రాకుండా నోరు మెదపకుండా చేతులతో చెప్పమన్నవాళ్లనీ పోల్చారు. కదలికా స్థానమూ దాదాపు అందరికీ ఒకేలా వచ్చాయి. తేడా పడింది చేతి ఆకారంలోనే.

అయితే ఇక స్థానమూ కదలికా భాషలోవి కావు, గాలిలో బొమ్మ గీయడమే అనేద్దామా? లిడెల్ ఇంచుమించు అటువైపే వెళ్లాడు. లెక్కలేనన్ని స్థానాల్ని పదాంశాల జాబితాలో పెట్టలేం, ఇది భాషా హావభావమూ కలిసిన మిశ్రమం అన్నాడు. జాబితా విషయంలో నేను ఆయనతోనే ఉన్నాను. అక్కడినుంచి "మిగతాదంతా హావభావం" అనే దాకా వెళ్లేవాళ్లతో మాత్రం నాకు పేచీ ఉంది. ఆ పేచీకి ఆధారం నా కారు తప్పే.

చెయ్యి కిందికి దిగి టక్కున ఆగడాన్ని బొమ్మగా చదివితే, కారు కింద పడింది. నేను చదివింది అలాగే. సైన్ వచ్చినవాళ్లెవరూ అలా చదవరు. ఆ పొట్టి దిగుడుకి "ఇది ఇక్కడ ఉంది" అని అర్థం, అంతే. ఆ దిగుడులో కారు ఒక్క అంగుళం కూడా కదల్లేదు. చేతి కదలిక వస్తువు కదలికకి బొమ్మ కాకుండా పోయిన చోటు ఇది. సుపల్లా దీన్ని వేరే రకం కదలిక పదాంశంగా లెక్కపెట్టాడు, నిజంగా వెళ్లడాన్ని ఇంకో రకంగా. ఆ విభజన గట్టిది. టీచర్ పరీక్ష ఇక్కడా పెట్టి చూడండి. దిగుడుని కాస్త పెంచితే కారు "కాస్త ఎక్కువగా ఉండదు". పెంచుతూ పోతే ఒకచోట గీత దాటి నిజంగా పడుతుంది. గెంతు ఉంది కాబట్టి అది జాబితా సరుకే. కుడిచేతి వేలు కారు పక్కనుంచి వెళ్లిన దారి మాత్రం కొలత సరుకు: ఎంత వంపు తిప్పితే అంత వంపు. అంటే కదలిక అనే ఒకే వరుసలో రెండు రకాల సరుకు కలిసిపోయి ఉంది.

స్థానానికి కూడా ఇలాంటి లంగరు ఒకటి ఉంది, అది అరచేతి దిశలో దాక్కుని ఉంటుంది. మూడు వేళ్ల వాహనానికి వేలికొసలు ఉన్నవైపు ముందు భాగం. నిటారు వేలికి వేలి మెత్తటి వైపు మొహం. ఇది ఎవరికివారు అనుకునేది కాదు, ఆ చేతి ఆకారంతో పాటే నేర్చుకునేది. ఎడమచేతి వేలికొసలు తనవైపు తిప్పి చేతిని అవతలికి నెడితే కారు రివర్స్‌లో వెళుతున్నట్టు. నిటారు వేలి మెత్తటి వైపు తనకేసి ఉంచి ముందుకు తీసుకెళితే ఆ మనిషి వెనక్కి నడుస్తున్నట్టు. ఈ ముందూ వెనకా ముందే ఖాయమై ఉండబట్టే "కారు వెనక జానెడు దూరంలో" అనే కొలతకి అర్థం వస్తుంది. వాహనం ముందు ఎటో తెలియని మనిషికి ఆ దూరం ఎంత కచ్చితంగా చూపించినా ఏం లాభం? కొలత నిరంతరమే, కానీ ఎక్కణ్ణుంచి కొలవాలో చెప్పే గుర్తు జాబితాలోంచి వచ్చింది. కాబట్టి స్థానాన్ని పదాంశం అనడమూ, ఒట్టి హావభావం అనడమూ రెండూ నాకు ఒప్పు కావు. అది పదాంశం మీద ఆనుకుని నిలబడే కొలత.

చేతి ఆకారంలోనూ అంతా గట్టిదే అనుకుంటే మళ్లీ పొరపాటే. బొటనవేలూ చూపుడు వేలూ ఎడంగా పెట్టి ఏదైనా వస్తువు మందం చూపించే ఆకారాలున్నాయి. ఏ వేళ్లు అన్నది జాబితా. వాటి మధ్య ఎడం కొంతవరకు కొలతగా సాగుతుంది. 'వేసవి' దగ్గర చీల్చిన చీలికే ఇక్కడ మళ్లీ ఎదురైంది చూశారా: ఎంచుకున్న వేళ్లు కదలవు, కీళ్లు కదులుతాయి. అక్కడ కీళ్ల మార్పు కాలంలో సాగింది, ఇక్కడ కొలతలో సాగింది. క్లాసిఫయర్లు ఫోనాలజీకి, అంటే వర్ణాల వ్యవస్థకి, బయట ఎక్కడో ఉన్నాయని నేను ఒప్పుకోకపోవడానికి ఇంతకన్నా బలమైన కారణం నా దగ్గర లేదు.

రెండింటి మధ్యా రాకపోకలు కూడా ఉన్నాయి. 'పార్క్ చేయడం' ఒకప్పుడు ఇలాంటి నిర్మాణంగా పుట్టి గట్టిపడిన మాట. రోజూ వాడేటప్పుడు కింది అరచేయి ఏ నేలకీ బొమ్మ కాదు, 'అందవిహీనం'లో ముక్కు ఎలాగో అలాగ, ఒట్టి స్థానం. టీచర్ ఆ సైన్ చేస్తూ కింది అరచేతిని కాస్త వాలుగా వంచారు. క్షణంలో అరచేయి నేలైపోయింది, కారు వాలు మీద ఆగింది. మళ్లీ సమం చేశారు, మాట మళ్లీ మాటైపోయింది. అదే సైన్, అదే వేళ్లు. ఒకే భాగం ఒకసారి వర్ణం, ఒకసారి అర్థమున్న ముక్క. ఏది ఎప్పుడన్నది వేళ్లని ఎంత కచ్చితంగా వర్ణించినా తేలదు. దాన్ని జరిపితే ఏమవుతుందో చూడాలి.

ఇప్పుడు నా ఫైల్లో వరుసలు మారాయి. చేతి ఆకారం వరుసలో ఏ వేళ్లన్నది జాబితాలోంచి ఎంచుకుని పెడతాను, కీళ్ల సంగతి వేరే వరుసలో రాస్తాను. కదలికకి రెండు వరుసలు: ఉండటమా వెళ్లడమా అన్నది ఒకదాంట్లో, దారి ఆకారం రెండోదాంట్లో. స్థానం వరుసలో క్లాసిఫయర్ ముక్కలకి పేర్లు పెట్టడం పూర్తిగా మానేశాను. ఏ చేతినుంచి, ఆ చేతి ఏ వైపునుంచి కొలుస్తున్నానో ముందు రాసి, పక్కన దూరం రాస్తాను. రెండు చేతులకీ అన్ని వరుసలూ విడివిడిగా ఉండాల్సిందే. తర్వాతి ముక్కలో ఆమె కారుని రివర్స్ చేస్తూ ఉండగానే మనిషిని దాని వెనకనుంచి దాటించింది, రెండు చేతులూ రెండు దిక్కులకి, రెండు ఆకారాలతో, ఒకేసారి కదిలాయి. ఈసారి అర్థం వరుసలో "ఆగకుండా వెనక్కి వస్తున్న కారు, దాని వెనకగా దాటుతున్న మనిషి" అని రాసి టీచర్‌కి చూపించాను. ఆవిడ చదివి, దూరం అంకె మీద వేలు పెట్టి, "ఇంత దగ్గరగా అయితే తగిలేవాడు" అన్నారు.